సిగ్నల్ లేని చోట రెండో తాళం

పాడేరు ఘాట్ ఎక్కి లోపలికి వెళ్ళాక, ఒక ఊరి పొలిమేరలో కల్వర్టు ఉంది. ఆ చుట్టుపక్కల సెల్ సిగ్నల్ అందే చోటు అదొక్కటే. మా సంస్థ కాఫీ గింజలు, మిరియాలు కొనే కేంద్రం అక్కడికి అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. అక్కడ తూకం రాసే గుమాస్తా ఒకావిడ ఆ ఏడాది సీజన్ మొదట్లో రోజూ పొద్దున్నే కంప్యూటరులో పాస్‌వర్డ్ కొట్టి, కీప్యాడ్ ఫోను చేత్తో పట్టుకుని ఆ కల్వర్టు దాకా నడిచేది. అక్కడికి చేరగానే ఫోను వరసగా మూడు నాలుగు సార్లు మోగేది. వచ్చిన అంకెలు అరచేతిలో రాసుకుని గబగబా వెనక్కి వచ్చి కొడితే, తెర మీద "కోడ్ గడువు ముగిసింది" అని కనిపించేది.

"కాటా దగ్గర రైతులు సంచులు దించి నిలబడ్డారు బాబూ. నేను కల్వర్టు మీద నిలబడ్డాను. తూకం ఎవరు రాస్తారు?" అని ఆమె ల్యాండ్‌లైన్ నుంచి నన్ను అడిగింది. నేను విశాఖపట్నం ఆఫీసులో కంప్యూటర్ల వ్యవహారం చూస్తాను. ఫలానా తేదీ నుంచి అందరికీ రెండంచెల తనిఖీ తప్పనిసరి అని సర్క్యులర్ రాసింది నేనే. ఆమె ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కునే క్రమంలో నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

రెండంచెల తనిఖీ అంటే ఏమిటో బ్యాంకు పుణ్యమా అని అందరికీ తెలుసు. పాస్‌వర్డ్ మనకు తెలిసిన విషయం. దాన్ని ఎవరైనా చూసేయవచ్చు, ఊహించవచ్చు, దొంగ వెబ్‌సైటులో మన చేతే కొట్టించుకోవచ్చు. అందుకని దానికి తోడు మన చేతిలో ఉన్న వస్తువు ఏదో ఒకటి సాక్ష్యం పలకాలి. మా దగ్గర ఒక ఉద్యోగి పాస్‌వర్డ్ పోయి, అతని మెయిల్ నుంచి వ్యాపారులకు మారిన బ్యాంకు ఖాతా నంబరుతో ఉత్తరాలు వెళ్ళాయి. ఒక వ్యాపారి అనుమానం వచ్చి ఫోన్ చేయబట్టి డబ్బు పోలేదు. ఆ తర్వాతే యాజమాన్యం రెండో మెట్టు అందరికీ ఉండాలంది. ఆ నిర్ణయం సరైనదే. పొరపాటు ఆ వస్తువు దగ్గర జరిగింది. చేతిలో ఉండే వస్తువు అనగానే మేం ఫోను అనుకున్నాం.

ఓటీపీ ఎందుకు ఆలస్యమవుతుంది

మా కేంద్రానికి స్తంభాల మీదుగా ఫైబర్ లైను వచ్చింది. కంప్యూటరులో ఇంటర్నెట్ బాగానే పనిచేస్తుంది. కొండల మధ్య ఉండటం వల్ల సెల్ టవర్ మాత్రం అందదు. కంప్యూటరుకు నెట్ ఉంది కదా అని ఓటీపీ రాదు, ఎందుకంటే అది వచ్చే దారి వేరు. ఎస్ఎంఎస్ ముందు టెలికాం కంపెనీ మెసేజీ కేంద్రానికి చేరుతుంది. మన ఫోను ఏ టవరుకూ అందకపోతే అక్కడే ఆగి ఉంటుంది. ఫోను మళ్ళీ టవరుకు తగలగానే ఆగినవన్నీ వస్తాయి. ఈలోగా ఓటీపీకి ఉన్న కొద్ది నిమిషాల గడువు దాటిపోతుంది.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. కోడ్ రాలేదని "మళ్ళీ పంపు" నొక్కితే సాధారణంగా పాత కోడ్ రద్దవుతుంది. కల్వర్టు మీద నాలుగు మెసేజీలు ఒకేసారి వచ్చినప్పుడు అవి పంపిన వరసలోనే వస్తాయన్న భరోసా లేదు. నాలుగింటిలో పనికొచ్చేది ఒక్కటే, అది ఏదో ఫోను చెప్పదు. మెసేజీలు ఇలా గుంపుగా వస్తున్నాయంటే తప్పు ఉద్యోగిదీ కాదు, సాఫ్ట్‌వేరుదీ కాదని అప్పుడే గుర్తించాలి. ఆ చోటికి ఎస్ఎంఎస్ పద్ధతి సరిపోదు, అంతే.

సిగ్నల్ ఉన్నా కూడా సొంత సిమ్ మీద ఆధారపడటంలో ఇంకో ఇబ్బంది ఉంది. రీచార్జి గడువు దాటితే కొన్నాళ్ళకు వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి. పూర్తిగా రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి కంపెనీలు వేరొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మన ఆఫీసు ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తాయి.

ఒకే నంబరు, ఏడుగురు మనుషులు

తూకం గుమాస్తా ఫోన్ చేసిన మర్నాడు నేను ఖాతాలన్నిటికీ నమోదైన ఫోన్ నంబర్ల జాబితా తీసి, నంబర్ల వరసలో పేర్చి చూశాను. ఏడుగురు ఉద్యోగుల పేర్లకు ఎదురుగా ఒకే నంబరు ఉంది. అది మా ఆఫీసులోనే లెక్కల విభాగంలో పనిచేసే కుర్రవాడిది. ఫోను లేనివాళ్ళూ సిగ్నల్ లేనివాళ్ళూ అడిగితే, పోనీ కదా అని తన నంబరు ఇచ్చాడు. వాళ్ళు పొద్దున్నే ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేస్తారు, ఇతను వచ్చిన అంకెలు చదివి చెప్తాడు.

అతను చేసింది సాయమే. కానీ ఫోనులో వినబడే గొంతుకు ఓటీపీ చదివి చెప్పడం రోజువారీ పనైపోయింది. రేపు వేరే ఎవడో ఆ కేంద్రం పేరు చెప్పి ఫోన్ చేసినా చదివేస్తాడు. లెక్క ప్రకారం మా సంస్థలో నూటికి నూరు మందికీ రెండో మెట్టు ఉంది. నిజానికి ఏడుగురికి అది లేదు, పైగా ఉందన్న ధీమా ఉంది. ఎక్కడైనా ఈ పద్ధతి పెట్టిన వారానికి మొదట చూడాల్సింది ఈ జాబితానే. ఒక నంబరు రెండు పేర్లకు కనిపిస్తే, అక్కడ నిబంధన కాగితం మీదే ఉందని అర్థం.

ఆ ఏడుగురినీ, కల్వర్టు దాకా నడిచే ఆవిణ్ణీ మందలించడం వల్ల ప్రయోజనం లేదు. వాళ్ళ చేతికి నెట్‌వర్క్ అక్కర్లేని వస్తువు ఇవ్వాలి.

గడియారంలోంచి పుట్టే ఆరంకెలు

అలాంటి వస్తువు ఎప్పటినుంచో ఉంది. దాన్ని హార్డ్‌వేర్ టోకెన్ అంటారు. బండి తాళాల గుత్తికి తగిలించుకునేంత చిన్నది. ఒక బటన్, చిన్న తెర, లోపల బ్యాటరీ, గడియారం. సిమ్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు. బటన్ నొక్కితే ఆరంకెలు కనిపిస్తాయి. 30 సెకన్లకోసారి మారిపోతాయి. వాటినే కంప్యూటరులో కొట్టాలి.

ఎక్కడికీ కనెక్ట్ కాని వస్తువు చూపే అంకెలు సరైనవో కావో ఎక్కడో ఉన్న సర్వరుకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న మా గోదాము ఇన్‌చార్జి గారు అడిగారు. జవాబు తేలిక. తయారు చేసేటప్పుడే టోకెన్‌లో ఒక పొడవాటి రహస్య సంఖ్య పెడతారు. అదే సంఖ్య నకలు మన సర్వరులోనూ ఉంటుంది. రెండు వైపులా గడియారాలున్నాయి. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 30తో భాగిస్తే వచ్చే సంఖ్యను తీసుకుని, దాన్ని రహస్య సంఖ్యతో కలిపి ఒక గణితంలో వేసి, ఫలితంలోంచి ఆరంకెలు తీస్తారు. ఉదాహరణకు మన టైము ప్రకారం 2026 జనవరి 1 ఉదయం 5:30కి లెక్క ఇది:

```
1767225600 ÷ 30 = 58907520
```

అర నిమిషం గడవగానే అది 58907521 అవుతుంది, ఆరంకెలూ మారిపోతాయి. ఇటు టోకెన్, అటు సర్వరు ఎవరి లెక్క వాళ్ళు చేసుకుంటాయి, జవాబు ఒకటే వస్తుంది. ఒకే పంచాంగం రెండిళ్ళలో ఉంటే తిథి కోసం ఒకరినొకరు అడగక్కర్లేదు కదా, అలాగన్నమాట. ఈ పద్ధతిని 2011లో ఆర్ఎఫ్‌సీ 6238 అనే పత్రంలో అందరూ వాడుకునేలా ప్రచురించారు. ఫోనులో పెట్టుకునే అథెంటికేటర్ యాప్‌లు కూడా ఇదే లెక్క చేస్తాయి. అందుకే టచ్ ఫోన్ ఉండి సిగ్నల్ మాత్రం లేనివాళ్ళకు టోకెన్ కూడా అక్కర్లేదు. యాప్‌ను ఒకసారి నెట్ ఉన్న చోట ఎక్కించుకుంటే చాలు, ఆ తర్వాత ఏ లోయలోనైనా కోడ్ చూపిస్తుంది. ఈ సంగతి తెలియక మేం ముగ్గురి చేత అనవసరంగా కొండ ఎక్కించాం.

కోడ్ తప్పు అంటే ఎక్కడ చూడాలి

గడియారం మీద నడిచేది కాబట్టి దీనికి వచ్చే జబ్బులూ గడియారానివే. సర్వరు సాధారణంగా కాస్త ముందు వెనకల కోడ్‌ను కూడా ఒప్పుకుంటుంది, కొట్టేటప్పుడు ఆలస్యమవుతుందని. తేడా అంతకు మించితే ప్రతి కోడూ తప్పే అవుతుంది.

మా కేంద్రాల్లో ఒకచోట అథెంటికేటర్ యాప్ వాడే అబ్బాయికి కొండ మీద ఉన్నన్నాళ్ళూ కోడ్ పనిచేయలేదు. శనివారం కిందికి దిగగానే పనిచేసేది. యాప్ చెడిపోయిందని అందరం అనుకున్నాం. అసలు సంగతి, అతని ఫోను ఛార్జి పూర్తిగా అయిపోయి ఆగి, మళ్ళీ వెలిగినప్పుడు టైము తప్పుగా చూపించింది. సిగ్నల్ లేదు కాబట్టి టవర్ నుంచి సరైన టైము అందలేదు. చేత్తో దిద్దుకున్నాడు, నాలుగు నిమిషాలు తేడాతో. మామూలు పనులకు నాలుగు నిమిషాలు లెక్కలోకి రాదు. ఈ లెక్కలో అది ఎనిమిది కోడ్‌ల దూరం. ఇప్పుడు మా దగ్గర నియమం ఒకటుంది. కోడ్ పనిచేయలేదని ఫోన్ వస్తే ముందు "మీ ఫోనులో టైమెంత?" అని అడుగుతాం.

టోకెన్‌లో టైము దిద్దుకునే వీలు సాధారణంగా ఉండదు. దాని గడియారం కూడా నెలల మీద కొద్దికొద్దిగా తప్పుతుంది. తరచుగా వాడుతూ ఉంటే మంచి సర్వర్లు ఆ తేడాను గమనించి లెక్కలో కలుపుకుంటాయి. బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉన్న టోకెన్ తీసి ఇస్తే మొదటి రోజే మొరాయిస్తుంది. బ్యాటరీ కూడా మూడు నుంచి అయిదేళ్ళే ఉంటుంది, చాలావాటిలో మార్చే వీలుండదు. అందుకని కొన్న తేదీ రాసుకోవాలి, ముందే కొని పోగు వేసుకోకూడదు.

మూడో తప్పు మనుషులది. ప్రతి టోకెన్ వెనుకా ఒక సీరియల్ నంబరు ఉంటుంది. ఫలానా నంబరు ఫలానా మనిషిదని సర్వరులో కలపాలి. పక్కపక్కన కూర్చునే ఇద్దరి టోకెన్లు తారుమారైతే ఇద్దరికీ కోడ్ తప్పంటుంది. ఒకే కేంద్రం నుంచి ఒకే రోజు రెండు ఫిర్యాదులు వస్తే ముందు వెనక వైపు నంబర్లు చదవమనాలి.

ఇంకో జాగ్రత్త సంస్థ పెద్దలది. టోకెన్లతో పాటు వాటి రహస్య సంఖ్యల ఫైలు కూడా అమ్మకందారు పంపుతాడు. ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు మన టోకెన్లన్నిటికీ నకళ్ళు తయారు చేసుకున్నట్టే. 2011లో ఆర్ఎస్ఏ అనే పెద్ద టోకెన్ కంపెనీలోకి దొంగలు చొరబడ్డ తర్వాత, ఆ కంపెనీ ప్రపంచమంతటా ఉన్న తన ఖాతాదారులకు టోకెన్లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఫైలు సర్వరులోకి ఎక్కించగానే మెయిల్‌లోంచీ కంప్యూటరులోంచీ తీసేయాలి.

డబ్బు చూసేవాళ్ళకు యూఎస్‌బీ తాళం

టోకెన్‌కు ఒక హద్దుంది. ఆరంకెలు మనిషి చూసి కొట్టేవే కాబట్టి, అచ్చం మన లాగిన్ పేజీలాంటి దొంగ పేజీలో కూడా కొట్టేస్తాడు. దొంగ ఆ అర నిమిషంలోనే వాటిని అసలు పేజీలో వాడేసుకోగలడు. అందుకని చెల్లింపులు చేసే నలుగురికి మేం వేరే వస్తువు ఇచ్చాం. దాన్ని సెక్యూరిటీ కీ అంటారు. పెన్‌డ్రైవ్ లాగా యూఎస్‌బీలో పెట్టి, పిన్ కొట్టి, వేలితో తాకాలి. దానికీ సిమ్ లేదు, బ్యాటరీ కూడా లేదు. అది తనంతట తాను వెబ్‌సైటు చిరునామా చూసుకుంటుంది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా జవాబివ్వదు. మనిషి మోసపోయినా తాళం మోసపోదు. 2017 మొదట్లో ఈ కీలు తప్పనిసరి చేశాక తమ 85,000 మందికి పైగా ఉద్యోగుల్లో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఇలాంటి మోసానికి చిక్కలేదని గూగుల్ 2018లో చెప్పింది.

అందరికీ ఇదే ఇవ్వకపోవడానికి కారణాలున్నాయి. ఇది టోకెన్ కన్నా ఖరీదు. విండోస్ 7 నడిచే పాత కంప్యూటర్లతో దీనికి పొసగదు, మా కేంద్రాల్లో అవి ఇంకా ఉన్నాయి. కొన్ని ఆఫీసుల్లో పెన్‌డ్రైవ్‌లు పెట్టకుండా యూఎస్‌బీ పోర్టులే మూసేస్తారు. పిన్ వరసగా మూడుసార్లు తప్పు కొడితే తీసి మళ్ళీ పెట్టమంటుంది. మొత్తం ఎనిమిది తప్పులయ్యాయంటే తాళం పడిపోతుంది, అంతా తుడిచేసి మొదటి నుంచి నమోదు చేయాలి. ఈ సంగతి ఇచ్చే రోజే చెప్పకపోతే, మరిచిపోయిన పిన్‌ను ఊహిస్తూ కూర్చుంటారు.

సంత రోజున నమోదు

మొదటిసారి ఎవరి దగ్గర ఏ ఫోను ఉందో మెయిల్‌లో అడిగాం. ఇబ్బంది ఉన్నవాళ్ళే జవాబివ్వలేదు. రెండోసారి కాగితం పట్టుకుని వెళ్ళాం. నాలుగే ప్రశ్నలు. ఫోను టచ్‌దా, కీప్యాడా? సొంతమా, ఇంట్లో అందరిదా? మీరు కూర్చునే కుర్చీలో సిగ్నల్ ఉందా? కంప్యూటరు మీ ఒక్కరిదేనా?

మూడో ప్రశ్నకు జవాబు అడిగితే చాలదు, ఆ కుర్చీలోనే కూర్చుని చూడాలి. "సిగ్నల్ ఉంది సార్" అన్నవాళ్ళలో కొందరికి కిటికీ దగ్గరే ఉంది. నాలుగో ప్రశ్న ఎందుకంటే, లాగిన్ అయ్యేటప్పుడు "ఈ కంప్యూటరులో మళ్ళీ అడగవద్దు" అనే గడి ఒకటి కనిపిస్తుంది. నలుగురు వాడే కంప్యూటరులో ఒకరు దానికి టిక్ పెడితే, ఆ తర్వాత అక్కడ ఆయన పాస్‌వర్డ్ తెలిసిన ఎవరికైనా తలుపు తెరిచినట్టే. అలాంటి చోట్ల ఆ గడి కనిపించకుండా తీసేశాం.

టోకెన్లు కొరియర్‌లో పంపలేదు. వారపు సంత రోజున కేంద్రాల వాళ్ళు ఎలాగూ మండల కేంద్రానికి దిగుతారు. ఆ రోజు ఒక బల్ల వేసుకుని కూర్చున్నాం. మనిషిని చూసి, గుర్తింపు కార్డు చూసి, సీరియల్ నంబరు రిజిస్టరులో రాసి, సంతకం తీసుకుని, అక్కడే ఒకసారి లాగిన్ చేయించి పంపాం. చదవడం తడబడే ఒక పెద్దాయనకు అంకెలు మూడు మూడుగా విడదీసి చదివితే తేలికని నేర్పాం. ఒక్కొక్కరికీ పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలే తర్వాత వచ్చే ఫోన్లను తగ్గించాయి.

పోయిందని ఫోన్ వస్తే

తాళం గట్టిదైతే దొంగ తాళాలు బాగుచేసేవాడి దగ్గరికి వెళ్తాడు. "సార్, టోకెన్ సంతలో పడిపోయింది, లాగిన్ ఇప్పించండి" అని ఫోన్ వస్తే, ఆ గొంతు మనవాళ్ళదే అని ఎలా నమ్మాలి? మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఆ ఫోన్ పెట్టేసి, మా దగ్గర రాసి ఉన్న కేంద్రం ల్యాండ్‌లైన్ నంబరుకు మేమే తిరిగి చేస్తాం. కేంద్రం ఇన్‌చార్జి మాట్లాడి, ఉద్యోగి ఎదురుగానే ఉన్నాడని చెప్పాలి. అప్పుడు పోయిన టోకెన్‌ను రద్దు చేసి, తాత్కాలికంగా ఒక పాస్ ఇస్తాం. మా ఖాతాలు మైక్రోసాఫ్ట్‌వి, అందులో దీన్ని టెంపరరీ యాక్సెస్ పాస్ అంటారు. 10 నిమిషాల నుంచి 30 రోజుల దాకా గడువు పెట్టవచ్చు. కొత్త టోకెన్ చేరేదాకా ఏ రోజుకారోజు, ఆ పనివేళలకు సరిపడా మాత్రమే ఇస్తాం. ప్రతి కేంద్రంలోనూ ఎవరికీ కేటాయించని టోకెన్ ఒకటి సీలు వేసిన కవరులో ఇన్‌చార్జి బీరువాలో ఉంటుంది. ఘాట్ దిగి రాకుండానే దాన్ని పోగొట్టుకున్నవారి పేరుకు ఇక్కడి నుంచి కలుపుతాం.

గూగుల్ ఖాతాలు వాడే సంస్థలకు ఇంకో దారి ఉంది. ఎనిమిదేసి అంకెల బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారికే. కాగితం మీద అచ్చు వేసుకోవచ్చు. రోజువారీ వాడకానికి అవి చాలవు, పది రోజుల్లో అయిపోతాయి. అత్యవసరానికి మాత్రం బాగా పనికొస్తాయి.

టోకెన్ కుదరని చోట

అన్ని తలుపులూ మన చేతిలో ఉండవు. సరుకు లారీ ఎక్కాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఆ పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి పన్ను చెల్లింపుదారులందరికీ రెండో మెట్టు తప్పనిసరి అయింది. అక్కడ మన టోకెన్ చెల్లదు. ఎస్ఎంఎస్, సందేశ్ యాప్, ఎన్ఐసీ-జీఎస్‌టీ-షీల్డ్ యాప్, ఈ మూడే దారులు. వీటిలో షీల్డ్ యాప్ నమోదయ్యాక ఇంటర్నెట్ లేకుండానే 30 సెకన్లకోసారి కోడ్ చూపిస్తుంది, ఫోనులో టైము సరిగ్గా ఉంటే చాలు. ఒకే సంస్థలో బిల్లులు చేసే ఒక్కొక్కరికీ వేరే సబ్-యూజర్ ఖాతా, వేరే ఫోన్ నంబరు పెట్టుకునే వీలు కూడా ఉంది. టచ్ ఫోన్ లేని ఇద్దరు బిల్లుల గుమాస్తాలకు సంస్థే ఫోన్లు కొనిచ్చింది. ఉద్యోగి సొంత డబ్బుతో ఫోను కొనుక్కోవాలని ఏ సర్క్యులర్ చెప్పినా అది న్యాయం కాదు.

అమలు కూడా ఈసారి ఒక్క తేదీన పెట్టలేదు. గింజ కొనుగోళ్ళు జోరుగా సాగే చలికాలం దాటనిచ్చి, ముందు విశాఖ ఆఫీసు, తర్వాత ఒక్క కేంద్రం, అది రెండు వారాలు సజావుగా నడిచాక మిగతావి. ఇంకా ఏర్పాటు కుదరనివాళ్ళకు మినహాయింపు ఇచ్చాం. ప్రతి పేరు పక్కనా మినహాయింపు ముగిసే తేదీ రాశాం. తేదీ లేని మినహాయింపు శాశ్వతమైపోతుందని, దొంగ వెతికేది సరిగ్గా ఆ పేర్లనేనని మాకు తెలుసు.

పాత సర్క్యులర్‌లో "ఉద్యోగులందరూ తమ మొబైల్ నంబరు నమోదు చేసుకోవాలి" అని రాశాను. కొత్తదానిలో "ప్రతి ఉద్యోగికీ తన ఒక్కరి చేతిలోనే ఉండే రెండో తాళం ఉండాలి, దాన్ని సమకూర్చే బాధ్యత సంస్థది" అని రాశాను. నెలకోసారి నంబర్ల జాబితా వరసలో పేర్చి చూస్తున్నాను. ఒక నంబరు ఎదురుగా ఒక్క పేరే ఉంటోంది.

మొన్న సీజన్‌లో ఆ కేంద్రానికి వెళ్ళాను. తూకం గుమాస్తా మెడలో గుర్తింపు కార్డు తాడుకే టోకెన్ వేలాడుతోంది. బటన్ నొక్కి, మూడంకెలు, మళ్ళీ మూడంకెలు పైకి చదువుకుంటూ కొట్టింది. తెర తెరుచుకుంది. "రండమ్మా, కాటా మీద పెట్టండి" అని మొదటి రైతును పిలిచింది.